రెండో పీట క్రియది

నా జర్మన్ తరగతికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నర్సులు. డ్యూటీ దిగి నేరుగా తరగతికి వస్తారు. జర్మనీలో ఉద్యోగం కోసం భాషా పరీక్ష రాయాలి మరి. ఒక సాయంత్రం వాళ్లలో ఒకమ్మాయి నేను దిద్ది ఇచ్చిన నోటుపుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టింది. అందులో రెండు వాక్యాలున్నాయి.

ఇష్ బ్లైబె త్సు హౌజె, డెన్ ఇష్ హాబె హోయ్‌టె ఫీబర్.

ఇష్ బ్లైబె త్సు హౌజె, వైల్ ఇష్ హాబె హోయ్‌టె ఫీబర్.

“మేడమ్, రెంటికీ అర్థం ఒకటే కదండీ? ‘ఇంట్లోనే ఉంటాను, ఎందుకంటే ఇవాళ జ్వరంగా ఉంది’ అనే కదా? మొదటిదానికి రైటు కొట్టి, రెండోదానికి ఎర్రగీత పెట్టారేంటి?” అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. ‘డెన్’ అన్నా ‘ఎందుకంటే’, ‘వైల్’ అన్నా ‘ఎందుకంటే’. నిఘంటువు చూస్తే రెండూ ఒకటే. కానీ జర్మన్‌లో ఒక కలిపే మాట నేర్చుకోవడమంటే దాని అర్థం తెలుసుకోవడంతో అయిపోదు. అది వాక్యంలో ఎక్కడ కూర్చుంటుంది, అది కూర్చుంటే క్రియ ఎటు జరగాలి అన్నది కూడా దానితోపాటే నేర్చుకోవాలి. ఆ అమ్మాయికి చెప్పిన సమాధానమే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. జర్మన్ మాటలను పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. పుస్తకంలో డబ్ల్యూ-ఈ-ఐ-ఎల్ అని కనిపించే మాటే ఈ ‘వైల్’.

ముందు పీటల సంగతి

జర్మన్‌లో మామూలు వాక్యాన్ని ఒక పంక్తిగా ఊహించుకోండి. పీటలు వరసగా వేసి ఉన్నాయి. మొదటి పీట మీద ఎవరైనా కూర్చోవచ్చు. రెండో పీట మాత్రం క్రియది. దాని మీద మరొకరు కూర్చోరు.

‘ఇష్ హాబె హోయ్‌టె ఫీబర్’ అంటే వరసగా ‘నేను – కలిగి ఉన్నాను – ఇవాళ – జ్వరం’. మొదటి పీట మీద ‘నేను’, రెండో పీట మీద క్రియ. ఇప్పుడు ‘ఇవాళ’ అన్నమాటను ముందుకు తెద్దాం. ‘హోయ్‌టె హాబె ఇష్ ఫీబర్’ అవుతుంది. అంటే ‘ఇవాళ – కలిగి ఉన్నాను – నేను – జ్వరం’. ‘ఇవాళ’ వచ్చి మొదటి పీట మీద కూర్చునేసరికి ‘నేను’ లేచి క్రియకు అవతలికి వెళ్లింది. క్రియ మాత్రం కదల్లేదు.

ఇంగ్లీషు అలవాటున్న మనం పొరబడేది సరిగ్గా ఇక్కడే. ఇంగ్లీషులో ‘ఇవాళ’ ముందుకొచ్చినా కర్త క్రియకు ముందే ఉంటుంది. జర్మన్‌లో అలా కుదరదు, మొదటి పీట ఒకరికే.

రెండు చిన్న సంగతులు ఇక్కడే చెప్పుకోవాలి. రెండో పీట అంటే రెండో పదం అని కాదు. ‘హోయ్‌టె ఆబెంట్’, అంటే ‘ఈ సాయంత్రం’, రెండు పదాలైనా కలిసి ఒకే పీట మీద కూర్చుంటాయి. రెండోది, నేను క్రియ అంటున్నది కర్తను బట్టి రూపం మారే క్రియను. నేను అయితే ‘హాబె’, అతను అయితే ‘హట్’. వాక్యంలో ఇంకో క్రియ ఉన్నా, పీటల లెక్క ఈ మారే క్రియకే వర్తిస్తుంది.

గుమ్మంలో నిలబడే ‘డెన్’

నాలుగు మాటల్లోకీ ‘డెన్’ సులువైనది. అది పంక్తిలో కూర్చోదు. గుమ్మం దగ్గరే నిలబడి రెండు వాక్యాలనూ కలుపుతుంది, అంతే. జర్మన్ పాఠాల్లో దీన్ని సున్నా స్థానం అంటారు. ‘డెన్’ తర్వాత పీటలు మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

డెన్ – ఇష్ – హాబె – హోయ్‌టె – ఫీబర్.

గుమ్మంలో ‘డెన్’, మొదటి పీట మీద ‘ఇష్’, రెండో పీట మీద ‘హాబె’. వాక్యం ‘డెన్’ లేనప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అమ్మాయి మొదటి వాక్యానికి రైటు పడింది అందుకే. ‘మరియు’ అనే ‘ఉంట్’, ‘కానీ’ అనే ‘ఆబర్’, ‘లేదా’ అనే ‘ఓడర్’ కూడా ఈ గుమ్మంలో నిలబడే మాటలే.

‘డెన్’కు ఒక పరిమితి ఉంది. కారణం ఎప్పుడూ రెండో భాగంగానే రావాలి, దాన్ని ఎత్తి వాక్యం మొదట్లో పెట్టడం కుదరదు. ‘ఎందుకు రాలేదు?’ అని ఎవరైనా అడిగితే జవాబును ‘డెన్’తో మొదలుపెట్టడం కూడా కుదరదు. అక్కడ ‘వైల్’ కావాలి.

క్రియ పీటనే తీసుకునే ‘వైల్’, ‘ఓప్‌వోల్’

‘వైల్’ గుమ్మంలో ఆగదు. లోపలికొచ్చి నేరుగా క్రియ కూర్చోవలసిన చోటే కూర్చుంటుంది. చోటు పోయిన క్రియ పంక్తి చివరికి వెళుతుంది.

ఇష్ బ్లైబె త్సు హౌజె, వైల్ ఇష్ హోయ్‌టె ఫీబర్ హాబె.

‘వైల్ – నేను – ఇవాళ – జ్వరం – కలిగి ఉన్నాను’. అమ్మాయి రెండో వాక్యంలో ‘హాబె’ పాత చోటులోనే ఉండిపోయింది. ఎర్రగీత దానికే.

‘వైల్’ నిజంగా క్రియ చోటునే తీసుకుంటుందా, లేక ఇది నేను పోలిక కోసం అల్లిన మాటా అని మీకు అనిపించవచ్చు. ఒక చిన్న పరీక్ష చేద్దాం. ‘అతనికి జ్వరం ఉందని అనుకుంటున్నాను’ అనడానికి జర్మన్‌లో రెండు దారులున్నాయి. ‘అని’ అనే అర్థమిచ్చే ‘డస్’ కూడా వైల్ జాతి మాటే. దాన్ని వాడితే ‘ఇష్ గ్లౌబె, డస్ ఏర్ ఫీబర్ హట్’ అనాలి. క్రియ ‘హట్’ చివర్లో ఉంది. ఇప్పుడు ‘డస్’ తీసేయండి. ‘ఇష్ గ్లౌబె, ఏర్ హట్ ఫీబర్’ అవుతుంది. చోటు ఖాళీ కాగానే క్రియ తిరిగి వచ్చి కూర్చుంది. ఒకే చోటు కోసం ఇద్దరి మధ్య పోటీ అన్నమాట. జర్మన్ వాక్యాన్ని ఇలా గళ్లుగా విడదీసి చూపించే పద్ధతిని ఎరిక్ డ్రాఖ్ అనే భాషావేత్త 1937లో తన పుస్తకంలో ప్రతిపాదించారు. జర్మన్ పాఠ్యపుస్తకాల్లో నేటికీ కనిపించే వాక్యపు పట్టికలకు మూలం ఆ ఆలోచనే.

‘ఓప్‌వోల్’ది కూడా ఇదే దారి. అర్థం మాత్రం వేరు, తెలుగులో ‘ఉన్నా’, ‘వచ్చినా’, ‘అయినప్పటికీ’ అని చెప్పే చోట అది వస్తుంది.

ఇష్ గేయె త్సూర్ ఆర్‌బైట్, ఓప్‌వోల్ ఇష్ హోయ్‌టె ఫీబర్ హాబె.

‘ఇవాళ జ్వరం ఉన్నా పనికి వెళ్తున్నాను’. కామా తర్వాతి భాగాన్ని పై వాక్యంతో పోల్చి చూడండి. ‘వైల్’ ఉన్న చోట ‘ఓప్‌వోల్’ వచ్చింది, మిగతాదంతా అక్షరం మారలేదు. ‘కారణంగా’ అనేది ‘అయినా’గా మారినా వరస మారలేదంటే, వరసను నిర్ణయించేది అర్థం కాదు, ఆ మాట ఏ జాతిది అన్నదే.

మన వరసే ఇది

క్రియ చివరికి పోవడమనేది చాలామందిని బెదరగొట్టే విషయం. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1880లో జర్మన్ భాష కష్టాల మీద ఒక వ్యాసమే రాశారు. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఎదురుచూడాల్సి రావడం ఆయన ఫిర్యాదుల్లో ఒకటి. ఆయన ఇంగ్లీషువాడు కాబట్టి అలా అనిపించింది. మనకెందుకు అనిపించాలి? తెలుగులో క్రియ చివర రావడం పుట్టుకతో వచ్చిన అలవాటు.

‘వైల్’ తర్వాతి ముక్కనే చూడండి. ‘ఇష్ హోయ్‌టె ఫీబర్ హాబె’, అంటే ‘నేను, ఇవాళ, జ్వరం, కలిగి ఉన్నాను’. ఇది మన వరసే. ‘నేను పని చేయాలి కాబట్టి’ అనడానికి ‘వైల్ ఇష్ ఆర్‌బైటెన్ ముస్’ అంటారు. ‘ఆర్‌బైటెన్’ అంటే పని చేయడం, ‘ముస్’ అంటే తప్పదు, చేయాలి. మన ‘చేయాలి’లో చేయడం ముందు, ‘ఆలి’ వెనక ఉన్నట్టే అక్కడా ఉంది. ‘నిన్న చాలాసేపు పని చేశాను కాబట్టి’ అనడానికి ‘వైల్ ఇష్ గెస్టర్న్ లాంగె గెఆర్‌బైటెట్ హాబె’. ‘నేను నిన్న చాలాసేపు పని చేసి ఉన్నాను’ అని మాటకు మాట సరిపోతుంది.

ఒక్క తేడా గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో కలిపే ముక్క క్రియకే అతుక్కుంటుంది. ‘ఉండటంవల్ల’, ‘ఉన్నా’, ‘ఉంది కాబట్టి’ అంటాం. కారణం చెబుతున్నామో, ‘అయినా’ అంటున్నామో వినేవాడికి చివరికి గాని తెలియదు. జర్మన్ ఆ ముక్కను ముందే చెప్పేసి, క్రియను చివరికి ఉంచుతుంది. ‘వైల్’ తలుపు తెరిస్తే ‘హాబె’ తలుపు మూస్తుంది. మధ్యలో ఉన్నదంతా తెలుగు వరసలో సర్దుకుంటుంది.

అందుకే మా పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది. ‘వైల్’ వాక్యం రాసేటప్పుడు ఇంగ్లీషు వాక్యాన్ని తలచుకోకండి. తెలుగు వాక్యాన్ని తలచుకోండి. ‘నేను ఇవాళ జ్వరం…’ అని మొదలుపెడితే క్రియ దానంతటదే చివరికి చేరుతుంది. ‘ఎందుకంటే’ అన్న తెలుగు మాట మాత్రం ఇక్కడ పనికిరాదు. దాని తర్వాత మనం విడి వాక్యం చెబుతాం గనక అది ‘డెన్’కు దగ్గర. ‘వైల్’ను ‘ఉండటంవల్ల’ అని, ‘ఓప్‌వోల్’ను ‘ఉన్నా’ అని గుర్తుపెట్టుకుంటే మేలు.

తెలుగులో సహజంగా కారణమే ముందు వస్తుంది. ‘జ్వరంగా ఉండటంవల్ల ఇంట్లోనే ఉంటాను’ అంటాం. జర్మన్‌లోనూ అలా చెప్పవచ్చు.

వైల్ ఇష్ హోయ్‌టె ఫీబర్ హాబె, బ్లైబె ఇష్ త్సు హౌజె.

కామా దగ్గర చూడండి. ‘హాబె’, ‘బ్లైబె’ అని రెండు క్రియలు ఎదురుబొదురుగా ఉన్నాయి. ఎందుకంటే ‘వైల్’ నుంచి ‘హాబె’ దాకా ఉన్న భాగమంతా కలిసి పెద్ద వాక్యానికి మొదటి పీట అయింది. రెండో పీట క్రియది కాబట్టి వెంటనే ‘బ్లైబె’ రావాలి, ‘నేను’ దాని తర్వాతే. ‘క్రియ, కామా, క్రియ’ అని వేళ్ల మీద చెప్పుకుంటే ఇది మరిచిపోరు. తప్పు రాసేవాళ్లు ‘…హాబె, ఇష్ బ్లైబె’ అని రాస్తారు. ‘ఓప్‌వోల్’తో మొదలుపెట్టినప్పుడు కొందరు మధ్యలో ‘ఆబర్’, అంటే ‘కానీ’, కూడా చేరుస్తారు. ‘జ్వరం ఉన్నా కానీ’ అనడం మనకు అలవాటే, జర్మన్‌కు మాత్రం ‘ఓప్‌వోల్’ ఒక్కటి చాలు.

మొదటి పీట మీద కూర్చునే ‘డెస్‌హాల్ప్’

‘డెస్‌హాల్ప్’ అంటే ‘అందుకే’, ‘అందువల్ల’. ‘వైల్’ కారణాన్ని చూపిస్తే ఇది ఫలితాన్ని చూపిస్తుంది. కాబట్టి వాక్యాల క్రమం తిరగబడుతుంది. ముందు జ్వరం, తర్వాత ఇల్లు.

ఇష్ హాబె హోయ్‌టె ఫీబర్, డెస్‌హాల్ప్ బ్లైబె ఇష్ త్సు హౌజె.

ఇది గుమ్మంలో నిలబడదు, క్రియ చోటూ తీసుకోదు. ‘ఇవాళ’ అన్నమాట లాగా మామూలు అతిథిగా వచ్చి మొదటి పీట మీద కూర్చుంటుంది. దాని వెంటనే రెండో పీట మీద క్రియ. ‘నేను’ క్రియకు అవతల. ‘హోయ్‌టె హాబె ఇష్’ అన్నప్పుడు జరిగిందే ఇక్కడా జరిగింది, కొత్త సూత్రం ఏమీ లేదు.

అతిథి గనక పీట మారనూ గలదు. ‘ఇష్ బ్లైబె డెస్‌హాల్ప్ త్సు హౌజె’ అన్నా సరైన వాక్యమే. అప్పుడు ‘నేను’ మొదటి పీట మీద, క్రియ రెండో దాని మీద, ‘అందుకే’ ఆ పక్కన. ఈ స్వేచ్ఛ ‘డెన్’కు గాని ‘వైల్’కు గాని లేదు. ఏదైనా కొత్త మాట ఏ జాతిదో తెలియకపోతే ఇదే పరీక్ష: క్రియ తర్వాతికి జరపగలిగితే అది ‘డెస్‌హాల్ప్’ జాతి. ‘అయినా సరే’ అనే ‘ట్రోత్స్‌డేమ్’ అలాంటిదే. ‘ఓప్‌వోల్’తో చెప్పిన సంగతినే ‘ఇష్ హాబె ఫీబర్, ట్రోత్స్‌డేమ్ గేయె ఇష్ త్సూర్ ఆర్‌బైట్’ అని కూడా చెప్పవచ్చు. ‘జ్వరంగా ఉంది, అయినా పనికి వెళ్తున్నాను’ అని.

మాటల్లో వినిపించే వేరే వరస

ఇదంతా నేర్చుకుని జర్మనీ వెళ్లిన విద్యార్థులు కొన్నాళ్లకు నాకు ఫోన్ చేస్తారు. “మేడమ్, ఇక్కడివాళ్లు ‘వైల్ ఇష్ హాబె’ అంటున్నారండీ!” అని. నిజమే, అంటారు. మాట్లాడేటప్పుడు ‘వైల్’ అని కాస్త ఆగి, తర్వాత మామూలు వాక్యం అందుకోవడం జర్మన్లలో బాగా వినిపిస్తుంది. అప్పుడు ‘వైల్’ కూడా ‘డెన్’ లాగా గుమ్మంలో నిలబడినట్టే.

అందులో ఒక్కోసారి అర్థంలో తేడా కూడా ఉంటుంది. ‘అతను ఇంట్లోనే ఉన్నాడు, లైటు వెలుగుతోందిగా’ అని మనం అంటాం. లైటు వెలగడంవల్ల అతను ఇంట్లో ఉండిపోయాడని కాదు, ఇంట్లో ఉన్నాడని నేను అనుకోవడానికి ఆధారం ఆ లైటు. ‘ఏర్ ఇస్ట్ త్సు హౌజె, వైల్ డస్ లిష్ట్ బ్రెంట్’ అని రెండు భాగాలనూ ఒకే గుక్కలో చెబితే, లైటే అతన్ని ఇంట్లో ఉంచిందన్న అర్థం వచ్చే ప్రమాదం ఉంది. రాతలో ఇలాంటి చోట ‘డెన్’ వాడతారు. మాటల్లో ‘వైల్’ అని ఆగి, విడి వాక్యం చెబుతారు. ‘ఓప్‌వోల్’తోనూ ఇలాంటిదే ఉంది. ‘రేపు వస్తాను’ అన్నాక, ‘ఓప్‌వోల్…’ అని ఆగి, ‘రేపు నాకు తీరిక లేదు’ అని మామూలు వరసలో అంటే, అది ముందన్న మాటను దిద్దుకోవడం.

చెవికి ఇవి తెలిసి ఉండాలి. రాతలో మాత్రం, ముఖ్యంగా పరీక్షలోనూ ఉద్యోగపు ఉత్తరాల్లోనూ, ‘వైల్’, ‘ఓప్‌వోల్’ వస్తే క్రియ చివరికి పోవాల్సిందే.

ఒక ఈమెయిల్ దిద్దుదాం

గోయ్‌తె సంస్థ బీ1 పరీక్షలో రాత భాగం చివర సుమారు 40 పదాల మర్యాదపూర్వకమైన ఈమెయిల్ రాయమంటారు. నోటుపుస్తకం తెచ్చిన అమ్మాయి చేత ఆ సాయంత్రమే అలాంటిది ఒకటి రాయించాను. వార్డు ఇన్‌చార్జికి సెలవు అడుగుతూ నాలుగు వాక్యాలు రాసింది.

మొదటిది: ‘ఇష్ కన్ మోర్గెన్ నిష్ట్ కొమెన్, వైల్ ఇష్ ఫీబర్ హాబె.’ రేపు రాలేను, జ్వరం ఉండటంవల్ల. ‘వైల్’ క్రియ చోటు తీసుకుంది, ‘హాబె’ చివరికి వెళ్లింది. సరిగ్గా ఉంది.

రెండోది: ‘ఓప్‌వోల్ ఇష్ టబ్లెటెన్ గెనొమెన్ హాబె, ఇష్ హాబె నోఖ్ ఫీబర్.’ మాత్రలు వేసుకున్నా ఇంకా జ్వరం ఉంది. మొదటి సగం బాగుంది. మాత్రలు, వేసుకుని, ఉన్నాను అని మన వరసే. కానీ కామా తర్వాత ‘ఇష్’ వచ్చింది. కామా దాకా ఉన్నదంతా మొదటి పీటే గదా, క్రియ వెంటనే రావాలి. ‘…గెనొమెన్ హాబె, హాబె ఇష్ నోఖ్ ఫీబర్’ అని దిద్దుకుంది. రెండు ‘హాబె’లు పక్కపక్కన చూసి తప్పేమో అనుకుంది గాని, అదే ఒప్పు.

మూడోది: ‘డెస్‌హాల్ప్ ఇష్ గేయె మోర్గెన్ త్సుమ్ ఆర్ట్స్ట్.’ అందుకే రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మొదటి పీట మీద ‘డెస్‌హాల్ప్’, రెండో పీట మీద ‘ఇష్’. కూడని చోట కూర్చుంది. ‘డెస్‌హాల్ప్ గేయె ఇష్’ అని మార్చింది.

నాలుగోది: ‘అమ్ ఫ్రైటాగ్ కొమె ఇష్ వీడర్, డెన్ ఇష్ డన్ గెజుంట్ బిన్.’ శుక్రవారం మళ్లీ వస్తాను, అప్పటికి తగ్గిపోతుంది. మొదటి సగంలో ‘శుక్రవారం’ పీట ఎక్కగానే క్రియ దాని పక్కకు చక్కగా వచ్చింది. రెండో సగంలో మాత్రం, ‘వైల్’ పాఠం బాగా వంటబట్టి, ‘డెన్’కు కూడా క్రియను చివరికి పంపేసింది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు తరచు చేసే పొరపాటు ఇది. “‘డెన్’ ఎక్కడ కూర్చుంటుందమ్మా?” అని అడిగాను.

“కూర్చోదు మేడమ్, గుమ్మంలోనే” అంది. కలం తీసుకుని ‘డెన్’ కింద సున్నా వేసింది. పక్కన ‘డన్’ అని రాసి ఒకటి వేసింది. ‘బిన్’ రాసి రెండు వేసింది. ‘ఇష్ గెజుంట్’ అని ముగించింది. ‘డెన్ డన్ బిన్ ఇష్ గెజుంట్’. తర్వాత పేజీ వెనక్కి తిప్పి, నేను ఎర్రగీత పెట్టిన పాత వాక్యంలోని ‘హాబె’ను తనే కొట్టేసి, ‘ఫీబర్’ పక్కన రాసుకుంది.